గుండె చిమ్మే రక్తమే హద్దు: వీఓ2 మ్యాక్స్ ఏమి కొలుస్తుంది, ఏ సాధనతో పెరుగుతుంది

రెండంతస్తుల మెట్లు గబగబా ఎక్కగానే ఆయాసం వస్తే మనం ముందుగా ఊపిరితిత్తులను తప్పుపడతాం. ఈ అనుమానం ఎంతవరకు నిజమో ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. కరోనా కాలంలో ఇంటింటా చేరిన పల్స్ ఆక్సీమీటర్ ఇంకా ఏ సొరుగులోనో పడి ఉంటుంది కదా, మెట్లెక్కి ఆగిన వెంటనే దానిని వేలికి తగిలించుకుని చూడండి. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఎంత రొప్పుతున్నా అది 95 పైనే చూపిస్తుంది. అంటే ఊపిరితిత్తుల గుండా వెళ్లిన రక్తం దాదాపు నిండుగానే ఆక్సిజన్‌ను మోసుకొస్తోంది. కొరత మరెక్కడో ఉంది. చేతి గడియారాల తెర మీద VO2 max అనే పేరుతో కనిపించే అంకె నిజానికి ఆ కొరత ఎక్కడుందో చెప్పే అంకె. దానిని ఊపిరితిత్తుల సామర్థ్యంగా అర్థం చేసుకుంటే, ఏ వ్యాయామం దానిని పెంచుతుందో, ఎందుకు పెంచుతుందో బోధపడదు.

వీఓ2 మ్యాక్స్ అంటే మనిషి తన శక్తినంతా పెట్టి శ్రమిస్తున్నప్పుడు అతని శరీరం ఒక నిమిషంలో వాడుకోగలిగే ఆక్సిజన్ గరిష్ఠ పరిమాణం. పీల్చుకున్న ఆక్సిజన్ కాదు, వాడుకున్న ఆక్సిజన్ అన్నది ఇక్కడ ముఖ్యం. ప్రయోగశాలలో దీనిని కొలిచే పద్ధతి సూటిగానే ఉంటుంది. ముక్కును, నోటిని కలిపి మూసే మాస్కు తగిలించి, ట్రెడ్‌మిల్ మీద నడిపించి, వేగాన్నో ఎత్తునో నిమిషానికింత చొప్పున పెంచుకుంటూ పోతారు. లోపలికి వెళ్లే గాలిలో ఆక్సిజన్ 20.93 శాతం ఉంటుందని ముందే తెలుసు. బయటికి వచ్చే గాలి ఎంత, అందులో ఆక్సిజన్ ఎంత మిగిలింది అన్నది యంత్రం ఊపిరి ఊపిరికీ లెక్కకడుతుంది. శ్రమ పెరిగేకొద్దీ వినియోగం పెరుగుతూ పోయి, ఒక దశలో వేగం పెంచినా ఇక పెరగక నిలిచిపోతుంది. 1920లలో ఇంగ్లండ్ శరీరశాస్త్రవేత్త ఆర్చిబాల్డ్ హిల్ తానే పరుగెత్తుతూ, విడిచిన గాలిని సంచిలో పట్టి ఈ హద్దును మొదటగా వివరించాడు. అయితే ఆ సమతలం అందరిలోనూ స్పష్టంగా కనిపించదు. చాలామంది అది రాకముందే కాళ్లు సహకరించక ఆగిపోతారు. అందుకే జాగ్రత్తగా పరీక్షించేవారు కాసేపు విశ్రాంతినిచ్చి, అంతకంటే కొంచెం ఎక్కువ శ్రమతో మళ్లీ పరుగెత్తించి, అంకె పెరగడం లేదని నిర్ధారించుకుంటారు. ఈ నిర్ధారణ లేని నివేదికను చూస్తే, ఆ మనిషి నిజంగా తన హద్దును తాకాడా లేక అలసి దిగిపోయాడా అని నాకు సందేహం మిగులుతుంది.

లెక్క కోసం ఒక మనిషిని తీసుకుందాం. వయసు 42, బరువు 70 కిలోలు, ఉద్యోగం కుర్చీలో, వారానికి మూడు నాలుగు రోజులు పార్కులో నడక. పరీక్ష చివరి నిమిషంలో అతను సుమారు 75 లీటర్ల గాలిని లోపలికీ బయటికీ ఆడిస్తున్నాడు, అందులో సుమారు 3.43 శాతం ఆక్సిజన్ తగ్గి బయటికి వస్తోంది. అంటే నిమిషానికి దాదాపు 2.57 లీటర్ల ఆక్సిజన్ శరీరంలో ఖర్చవుతోంది. దానిని బరువుతో భాగిస్తే కిలోకు నిమిషానికి సుమారు 36.7 మిల్లీలీటర్లు. గడియారాలలో, నివేదికలలో కనిపించేది ఈ రెండో అంకె. ఊరికే కూర్చున్నప్పుడు మనం వాడుకునేది కిలోకు సుమారు 3.5 మిల్లీలీటర్లు కాబట్టి, ఇతను విశ్రాంతి స్థితి కంటే పదిరెట్ల శ్రమ దాకా వెళ్లగలడన్న మాట.

అదే అంకెను రక్తం వైపు నుంచి చూస్తే అసలు విషయం బయటపడుతుంది. శరీరం వాడే ఆక్సిజన్ అంతా గుండె పంపిన రక్తంలోనే వెళ్లాలి. అందువల్ల ఆ పరిమాణం మూడు అంకెల లబ్ధం: గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుంది, ఒక్కో స్పందనకు ఎంత రక్తం చిమ్ముతుంది, ఆ రక్తంలోని ప్రతి లీటరు నుంచి కండరాలు ఎంత ఆక్సిజన్ తీసుకుంటాయి. మన ఉదాహరణలోని మనిషికి గరిష్ఠ స్పందనలు 186 అనీ, స్పందనకు 92 మిల్లీలీటర్లనీ అనుకుంటే గుండె నిమిషానికి పంపేది సుమారు 17.1 లీటర్లు. వంద మిల్లీలీటర్లకు 15 గ్రాముల హిమోగ్లోబిన్ ఉన్న రక్తం లీటరుకు దాదాపు 200 మిల్లీలీటర్ల ఆక్సిజన్‌ను మోస్తుంది. అందులో 150 మిల్లీలీటర్లను కండరాలు లాగేసుకుంటే మొత్తం మళ్లీ 2.57 లీటర్లే అవుతుంది.

ఇప్పుడు ఈ మూడింటిలో దేనిని పెంచగలమో చూడాలి. గరిష్ఠ స్పందనల సంఖ్య సాధనతో పెరగదు, వయసుతో తగ్గుతుంది. కండరాలు ఇప్పటికే తమ దాకా వచ్చిన ఆక్సిజన్‌లో ముప్పాతిక భాగాన్ని తీసేసుకుంటున్నాయి, అక్కడ మిగిలిన జాగా తక్కువ. మిగిలేది ఒక్కో స్పందనకు గుండె చిమ్మే రక్తం. సామాన్యుడికీ మేటి పరుగువీరుడికీ మధ్య తేడాలో సింహభాగం ఇక్కడే ఉంటుంది.

కండరాలదే లోపం కాదా అన్న ప్రశ్నకు 1980లలో ఒక చక్కని జవాబు దొరికింది. డెన్మార్క్‌లో పెర్ ఆండర్సన్, బెంట్ సాల్టిన్ మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, ఒక కాలి తొడ ముందరి కండరాలతో మాత్రమే పని చేయించి, వాటికి వెళ్లే రక్తాన్ని కొలిచారు. మిగతా శరీరం పోటీ పడనప్పుడు కిలో కండరానికి నిమిషానికి రెండు లీటర్లకు పైగా రక్తం ప్రవహించింది, ఆ కండరం దానిని హాయిగా వాడుకుంది. శరీరంలోని కండరాలన్నీ ఆ లెక్కన అడిగితే యాభై లీటర్లు దాటుతుంది. గుండె ఇవ్వగలిగేది ఇరవై లీటర్ల చుట్టుపక్కల. ఆకలి ఎక్కువ, వడ్డించే గరిటె చిన్నది. అన్ని కండరాల రక్తనాళాలూ ఒక్కసారిగా తెరుచుకుంటే రక్తపోటు పడిపోతుంది కాబట్టి నాడీవ్యవస్థ వాటిని బిగించి ఆ కోరికకు కళ్లెం వేస్తుంది.

గరిటె పెద్దది కావాలంటే గుండె కండరం బలపడితే చాలదు, అది నిండడానికి సరిపడా రక్తం కూడా ఉండాలి. ఈ సంగతి చాలా వ్యాసాల్లో మరుగున పడిపోతుంది. సాధన మొదలుపెట్టిన తొలి రోజుల్లోనే రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మా పెరుగుతుంది, ఆ తర్వాత వారాల మీద ఎర్ర రక్తకణాల మొత్తం పెరుగుతుంది. 2015లో వెలువడిన ఒక అధ్యయనంలో వ్యాయామం అలవాటు లేనివారి చేత ఆరు వారాలు సైకిల్ తొక్కించారు, వారి ఆక్సిజన్ వినియోగం దాదాపు పదో వంతు పెరిగింది. తర్వాత పెరిగినంత రక్తాన్ని సూదితో తీసేసి మళ్లీ పరీక్షిస్తే, అంకె సాధనకు ముందున్న చోటికి వచ్చేసింది. ఆ ఆరు వారాల్లో కండరాలలో సన్నని కేశనాళికలూ, ఆక్సిజన్‌తో శక్తిని పుట్టించే మైటోకాండ్రియాలూ వృద్ధి చెందకపోలేదు. అవి దీర్ఘకాలం అలవకుండా పని చేయడానికి ఉపయోగపడతాయి, కానీ గరిష్ఠ హద్దును జరిపింది మాత్రం రక్తం.

మన ఆడవారి విషయంలో ఇది పుస్తకాల మాట కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. హిమోగ్లోబిన్ 13 ఉన్నప్పుడు లీటరు రక్తం సుమారు 174 మిల్లీలీటర్ల ఆక్సిజన్‌ను మోస్తే, అది 10కి పడిపోయినప్పుడు మోసేది 134 మాత్రమే. గుండె అదే, కాళ్లు అవే, మోత మాత్రం దాదాపు నాలుగో వంతు తగ్గిపోయింది. ఇలాంటి స్థితిలో రెండు నెలలు పరుగెత్తినా అంకె కదలడం లేదని బాధపడేవారు వ్యాయామ పద్ధతిని మార్చే ముందు రక్తపరీక్ష చేయించుకుని వైద్యుల సలహాతో ఇనుము లోపాన్ని సరిదిద్దుకోవడం మేలు. అక్కడ దొరికే లాభం ఏ పరుగుతోనూ దొరకదు.

ఇక ఏ సాధన ఎక్కువగా పెంచుతుందన్న ప్రశ్న. దీనికి జవాబు ఆ మనిషి ఎక్కడి నుంచి మొదలుపెడుతున్నాడన్న దాని మీద ఆధారపడుతుంది. ఇప్పటివరకు కదలకుండా కూర్చున్నవారికి ఏ శ్రమైనా గుండెకు కొత్తే. అమెరికా, కెనడాలలో జరిగిన హెరిటేజ్ అధ్యయనంలో వ్యాయామం లేనివారు వారానికి మూడు రోజులు, మధ్యస్థ తీవ్రతతో, 20 వారాలు సైకిల్ తొక్కారు. సగటున నిమిషానికి 400 మిల్లీలీటర్ల దాకా పెరిగింది. కానీ ఆ సగటు వెనుక ఒకరికి ఏమీ పెరగకపోవడం, మరొకరికి లీటరు పెరగడం రెండూ ఉన్నాయి, ఒకే కుటుంబం వారి ఫలితాలు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి. అందులో వంశపారంపర్యం వాటా దాదాపు సగం అని తేలడంతో, కొందరికి వ్యాయామం పనిచేయదన్న మాట ప్రచారంలోకి వచ్చింది. 2017లో డేవిడ్ మొంటెరో, కార్స్టన్ లుండ్‌బీ దీనిని మరో కోణంలో పరీక్షించారు. ఆరు వారాల తర్వాత ఫలితం కనిపించనివారి చేత వారానికి ఇంకో రెండు రోజులు అదనంగా, మరో ఆరు వారాలు సాధన చేయించారు. ఫలితం లేనివారు ఒక్కరూ మిగల్లేదు. వారికి పనిచేయనిది వ్యాయామం కాదు, ఆ మోతాదు.

కొంత అలవాటున్నవారి విషయం వేరు. ఇక్కడ 2007లో నార్వేలో యాన్ హెల్గెరుడ్ బృందం చేసిన ప్రయోగం ఎంతో స్పష్టంగా మాట్లాడుతుంది. అప్పటికే ఓ మోస్తరుగా వ్యాయామం చేస్తున్న నలభై మంది యువకులను నాలుగు గుంపులు చేశారు. వారానికి మూడు రోజులు, ఎనిమిది వారాలు. ఒక గుంపు 45 నిమిషాలు తేలికగా పరుగెత్తింది. రెండోది ఇరవై నాలుగు నిమిషాలు బిగువుగా, ఆగకుండా పరుగెత్తింది. మూడోది 15 సెకన్లు వేగంగా, 15 సెకన్లు నెమ్మదిగా 47 సార్లు. నాలుగోది గుండె గరిష్ఠ వేగంలో 90 నుంచి 95 శాతం దగ్గర నాలుగు నిమిషాలు, మధ్యలో మూడు నిమిషాలు తేలిక పరుగు, అలా నాలుగు సార్లు. మొత్తం శ్రమ అన్ని గుంపులకూ సమానంగా ఉండేలా సర్దారు. మొదటి రెండు గుంపుల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదు. మూడో గుంపుకు 5.5 శాతం, నాలుగో గుంపుకు 7.2 శాతం పెరిగింది. ఆ రెండింటిలోనూ ఒక్కో స్పందనకు గుండె చిమ్మే రక్తం దాదాపు పదో వంతు పెరిగింది. గరిటె పెద్దదయిందన్న మాట.

నాలుగు నిమిషాలే ఎందుకన్నది ఆలోచించదగిన ప్రశ్న. శ్రమ మొదలుకాగానే ఆక్సిజన్ వినియోగం ఒక్క ఉదుటున హద్దుకు చేరదు, ఎక్కడానికి ఒకటిన్నర నుంచి రెండు నిమిషాలు పడుతుంది. నిమిషంలోనే ఆగిపోతే కొండ సగం ఎక్కి దిగినట్టే. నాలుగు నిమిషాలు సాగిస్తే చివరి రెండు నిమిషాలు గుండె నిండుగా నిండి, నిండుగా చిమ్మే స్థితిలో ఉంటుంది. నాలుగు విడతలకు అలాంటి సమయం ఎనిమిది నిమిషాల చుట్టూ పోగవుతుంది. 15 సెకన్ల పద్ధతిలో విరామం కూడా 15 సెకన్లే కాబట్టి వినియోగం కిందికి జారే వ్యవధి దొరకదు, అందుకే అదీ పనిచేసింది. అందువల్ల నాలుగు అనే అంకెలో మహిమేమీ లేదు. మూడు నిమిషాల విడతలైనా, ఎనిమిది నిమిషాలవైనా, హద్దుకు దగ్గరగా గడిపిన సమయం పోగవుతుందా అన్నదే చూడాలి.

జిమ్ములలో టబాటా పేరుతో సాగేదాని గురించి ఒక మాట. జపాన్‌లో ఇజుమి టబాటా 1996లో ప్రచురించిన పద్ధతిలో 20 సెకన్ల విడతలు, 10 సెకన్ల విరామాలు ఉన్న మాట నిజమే. కానీ అక్కడ సైకిల్ మీద పెట్టిన భారం వీఓ2 మ్యాక్స్ వద్ద ఉండే శ్రమకు 170 శాతం. ఏడెనిమిది విడతలకు మనిషి ఇక తొక్కలేక ఆగిపోయేవాడు. పాటకు తగ్గట్టు గెంతుతూ, మధ్యలో నవ్వుకుంటూ చేసేదానికి ఆ ఫలితాలను అంటగట్టడం సబబు కాదు. అదే పరిశోధనలో గంటసేపు మధ్యస్థంగా తొక్కినవారికి కూడా అంకె గణనీయంగా పెరిగిందన్న సంగతిని ఎవరూ ప్రకటనలో రాయరు.

మన 42 ఏళ్ల మనిషి దగ్గరికి తిరిగి వద్దాం. వారానికి రెండు రోజులు నాలుగు నిమిషాల విడతలు, మరో రెండు మూడు రోజులు మాట్లాడుతూ చేయగలిగినంత తేలిక నడక లేదా పరుగు అతనికి సరిపోతాయి. విడతల రోజున మొదట పది నిమిషాలు శరీరాన్ని వేడెక్కించుకోవాలి. మోకాళ్ల భయం ఉంటే పరుగెత్తనక్కర్లేదు, ట్రెడ్‌మిల్‌ను బాగా ఎత్తుగా పెట్టి గబగబా నడిచినా గుండె అక్కడికి చేరుతుంది. అతని గరిష్ఠ స్పందనలు 186 కాబట్టి 90 నుంచి 95 శాతం అంటే 167 నుంచి 177. మొదటి నిమిషంలో గడియారం 150 దగ్గరే ఉంటుంది, దానిని చూసి వేగం పెంచకూడదు. రెండో నిమిషం చివరికి అదే 165 దాటుతుంది. ఆ సరికి మూడు నాలుగు మాటలకు మించి ఒక ఊపిరిలో పలకలేకపోవాలి. విడత ముగిసేసరికి ఇంకో నిమిషం లాగగలను అనిపించాలి, కుప్పకూలాలనిపించకూడదు. ఆపై మూడు నిమిషాలు 130 దగ్గర తేలికగా నడిచి, మళ్లీ మొదలు. చివరి ఐదు నిమిషాల నెమ్మది నడకతో కలిపి మొత్తం 40 నిమిషాల పని. గుండె జబ్బు, మధుమేహం, అధిక రక్తపోటు ఉన్నవారు, శ్రమలో ఛాతీ నొప్పి వచ్చేవారు వైద్యులు చూడకుండా దీనికి దిగరాదు.

పొరపాట్లు ఎక్కువగా మొదటి విడతలోనే జరుగుతాయి. ఉత్సాహం కొద్దీ పరుగు లంకించుకుంటే కాళ్లలో మంట పుట్టి మూడో విడతకే వేగం పడిపోతుంది, ఆక్సిజన్ వినియోగం ఎక్కాల్సినంత ఎక్కదు. నాలుగో విడత వేగం మొదటిదానికి తగ్గకుండా ఉందా లేదా అన్నదే సరైన గుర్తు. రెండో పొరపాటు 220 నుంచి వయసు తీసివేసే సూత్రాన్ని నమ్మడం. ఆ లెక్కన ఇతని గరిష్ఠం 178, అతను 160 దగ్గరే సరిపెట్టుకునేవాడు. అసలు లెక్క ప్రకారం అది 86 శాతమే. ఆ సూత్రం మనిషికి మనిషికి పది పన్నెండు స్పందనలు అటూ ఇటూ తప్పడం మామూలే. మూడో పొరపాటు గడియారానిది. మణికట్టు మీది సెన్సార్ ఒక్కోసారి నాడిని వదిలేసి అడుగుల లయను పట్టుకుంటుంది. పరుగు మొదలుపెట్టిన పది సెకన్లకే 168 చూపించి అక్కడే కదలకుండా నిలబడిందంటే అది గుండె కాదు, కాళ్లు. ఛాతీకి కట్టుకునే పట్టీ ఈ తప్పు చేయదు.

గడియారం ఆక్సిజన్‌ను కొలవదు. ఎంత వేగానికి గుండె ఎంత కొట్టుకుంటోందో చూసి ఊహిస్తుంది, అంతే. అందుకే మే నెలలో చెరువుకట్ట మీద పరుగెత్తిన నా అంకె మూడు వారాల్లో రెండు పాయింట్లు దిగింది. ఎండలో ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మానికి మళ్లుతుంది, చెమటతో ప్లాస్మా తగ్గుతుంది, అదే వేగానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాలి. గడియారం దానిని నా దిగజారుడుగా లెక్కకట్టింది. జూలైలో వానలు పడగానే ఏ కొత్త సాధనా లేకుండానే తిరిగి వచ్చింది. ఖర్చు లేకుండా సరిచూసుకోవాలంటే కెన్నెత్ కూపర్ 1968లో ఇచ్చిన పద్ధతి ఇప్పటికీ మంచిదే. చల్లని ఉదయం కొలిచిన మైదానంలో 12 నిమిషాల్లో ఎన్ని మీటర్లు పరుగెత్తగలరో చూసి, అందులోంచి 504.9 తీసివేసి 44.73తో భాగించాలి. 2150 మీటర్లు వస్తే దాదాపు 36.8, మన మనిషి ఉన్న చోటు. వేగాన్ని సమంగా నడపడం రానివారికి ఇది తక్కువ చూపిస్తుంది కాబట్టి మొదటి ప్రయత్నాన్ని లెక్కలోకి తీసుకోకపోవడమే మంచిది.

ఎనిమిది వారాల తర్వాత అతని గుండె స్పందనకు 92కు బదులు 101 మిల్లీలీటర్లు చిమ్మిందనుకుందాం. మిగతావి మారకపోతే మొత్తం 2.82 లీటర్లు, కిలోకు 40.3. కానీ ఇదే కాలంలో సాధనేమీ లేకుండా ఆహారం తగ్గించి మూడు కిలోలు తగ్గినా అంకె 38.3కి ఎక్కేది, గుండెలో ఏ మార్పూ లేకుండానే. అందుకే రెండు పరీక్షలను పోల్చేటప్పుడు కిలో లెక్కతో పాటు నిమిషానికి లీటర్ల లెక్కనూ పక్కన పెట్టుకోవాలి. అలాగే ఈ అంకె పరుగు వేగానికి మారుపేరు కూడా కాదు. బ్రిటన్ పరుగు వీరురాలు పౌలా రాడ్‌క్లిఫ్ వీఓ2 మ్యాక్స్ 1992 నుంచి 2003 దాకా 70 చుట్టూనే ఉంది, ఆ పదకొండేళ్లలో ఒకే వేగానికి ఆమెకు కావలసిన ఆక్సిజన్ సుమారు 15 శాతం తగ్గింది. 2003లో లండన్‌లో 2 గంటల 15 నిమిషాల 25 సెకన్ల మారథాన్ వెనుక ఉన్నది హద్దు పెరగడం కాదు, ఆ ఆదా.

పెరిగింది ఎంతకాలం నిలుస్తుందన్నది సాధన ఆపేవారు తెలుసుకోవాలి. 1966లో డాలస్‌లో ఐదుగురు ఇరవై ఏళ్ల యువకులను మూడు వారాలు మంచం మీదే పడుకోబెట్టారు, వారి సగటు నిమిషానికి 3.3 లీటర్ల నుంచి 2.4కు పడిపోయింది. ముప్పై ఏళ్ల తర్వాత వారినే మళ్లీ పరీక్షిస్తే 2.9 ఉంది. మూడు దశాబ్దాల వయసు తీసుకెళ్లినదాని కంటే మూడు వారాల మంచం ఎక్కువ తీసుకెళ్లిందన్న మాట. అలాగని ఏడాది పొడవునా అదే శ్రమ పడక్కర్లేదు. రాబర్ట్ హిక్సన్ 1980లలో పది వారాల కఠిన సాధనతో అంకె పెరిగినవారిని మూడు గుంపులుగా పరిశీలించాడు. వారానికి ఆరు రోజులను రెండుకు తగ్గించినవారిలోనూ, రోజుకు 40 నిమిషాలను 13కు తగ్గించినవారిలోనూ పెరిగిన అంకె మూడు నెలలకు పైగా నిలిచింది. రోజులూ నిమిషాలూ అలాగే ఉంచి, తీవ్రతను మూడో వంతు తగ్గించినవారిలో మాత్రం అది జారిపోయింది. పనుల ఒత్తిడిలో ఏదో ఒకటి తగ్గించక తప్పని వారంలో మన మనిషి వదులుకోవలసింది తేలిక నడకలను, ఆ నాలుగు నిమిషాల విడతలను కాదు.